మందపు పూతలో మలేరియా లెక్క: తెల్ల కణమే కొలబద్ద

మలేరియా రక్తపరీక్ష నివేదికల మీద ‘పి.ఎఫ్. ++’ అనో ‘పి.వి. +++’ అనో రాసి ఉండటం పాఠకులలో చాలామంది చూసే ఉంటారు. అక్షరాలు క్రిమి జాతిని చెబుతాయి. ఫాల్సిపారమ్ అయితే పి.ఎఫ్., వైవాక్స్ అయితే పి.వి. పక్కనున్న కూడిక గుర్తులు క్రిములు ఎంత దట్టంగా ఉన్నాయో చెబుతాయి. మందపు పూతలో వంద దృష్టి క్షేత్రాలు వెదికితే ఒకటి నుంచి పది క్రిములు కనిపిస్తే ఒక కూడిక, పదకొండు నుంచి వంద కనిపిస్తే రెండు. ఒక్కొక్క క్షేత్రంలోనే ఒకటి నుంచి పది ఉంటే మూడు, పదికి మించితే నాలుగు. అంతటితో మెట్లు ముగిశాయి. ఒక మైక్రోలీటరు రక్తంలో 16,000 క్రిములున్న రోగికీ, 1,60,000 ఉన్న రోగికీ నాలుగు కూడికలే పడతాయి. మొదటివాడు మాత్రలతో ఇంటివద్దనే కోలుకోవచ్చు. రెండవవాణ్ణి ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుకుని ఉండాలి. మందు వేసిన తరువాత క్రిములు లక్షన్నర నుంచి ఇరవై వేలకు దిగినా నివేదికలో నాలుగు కూడికలు చెక్కుచెదరవు.

అందుచేత గుర్తు చాలదు, సంఖ్య కావాలి. కానీ అద్దం మీద ఆరిపోయిన రక్తపు మరకలో మైక్రోలీటరును ఎక్కడ వెదకడం? ఈ చిన్న చిక్కును విప్పడానికి వైద్యశాస్త్రానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. విప్పిన తీరులో మన దేశానికీ, కొంతవరకు మన నేలకూ భాగముంది.

1880లో అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ పట్టణంలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో మలేరియా క్రిమిని మొదటిసారి చూశాడు. రంగు వేయని పచ్చి రక్తంలో చూశాడు కనుక ‘ఉన్నది, లేదు’ అని చెప్పడమే అప్పటికి గొప్ప. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమి పెరుగుదలను కనుగొన్న సంగతి తెలుగువారికి కొత్త కాదు. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న సంస్థ దానికి గుర్తుగా నిలిచింది. ఆరేళ్ళ తరువాత ఆయన చేసిన మరొక పని సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. 1903లో రాస్ మందపు పూత పద్ధతిని ప్రకటించాడు. అప్పటిదాకా రక్తపు చుక్కను అద్దం మీద పలుచగా లాగి, ఎర్ర కణాలను ఒక్కొక్కటిగా చూసేవారు. క్రిములు తక్కువగా ఉంటే గంటలకొద్దీ వెదికినా దొరికేవి కావు. రాస్ చుక్కను లాగకుండా మందంగానే ఆరనిచ్చి, ఎర్ర కణాల్లోని రంగును నీటితో కడిగివేసి, మిగిలినదానికి రంగు పట్టించాడు. ఎర్ర కణాలు కరిగిపోయాయి. తెల్ల కణాలూ, క్రిములూ, రక్తఫలకికలూ నిలిచాయి. ఒకే దృష్టి క్షేత్రంలో పలుచని పూత కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రక్తం పరీక్షకు వచ్చింది.

అయితే ఎర్ర కణాలతోపాటు లెక్కకు ఉన్న ఆధారమూ కరిగిపోయింది. పలుచని పూతలో ‘వెయ్యి ఎర్ర కణాలలో ఇన్నింటికి క్రిమి పట్టింది’ అని చెప్పవచ్చు. మందపు పూతలో దేనితో పోల్చాలి? రాస్ దీనికి నేరైన దారి పట్టాడు. డేవిడ్ థామ్సన్‌తో కలిసి 1910లో ప్రచురించిన అధ్యయనాలలో ఆయన రక్తాన్ని ముందుగానే సన్నని గొట్టంతో కొలిచి, ఆ కొలిచిన రక్తంలోని క్రిములను రోజు తరువాత రోజు లెక్కించి, రోగి జ్వరపు గీత పక్కన గీయించాడు. క్రిముల సంఖ్య పెరగడానికీ జ్వరానికీ ఉన్న సంబంధం ఆ గీతల్లో కంటికి కనిపించింది. గణితమంటే ప్రాణమిచ్చే మనిషికి తగిన పనే. కానీ అంత చిన్న పరిమాణాన్ని కచ్చితంగా కొలిచి, అంతా ఒకేలా పరచడం ప్రయోగశాలలోనే సాధ్యం. వందల మంది పిల్లల వేళ్ళు గుచ్చే ఊరి శిబిరంలో కాదు.

తరువాతి మెట్టు కసౌలీలో పడింది. ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు చెందిన జాన్ సింటన్ 1924లో ఒక ఉపాయం ప్రకటించాడు. యుద్ధరంగంలో విక్టోరియా క్రాస్ పొంది, ఆపైన శాస్త్రజ్ఞుడిగా రాయల్ సొసైటీ సభ్యత్వమూ అందుకున్నవాడు ఆయన ఒక్కడే. ఆయన ఉపాయం కోడి రక్తం. మనిషి ఎర్ర కణంలో కేంద్రకం ఉండదు, అందువల్ల నీరు తగలగానే ఆనవాలు లేకుండా పోతుంది. కోడి ఎర్ర కణంలో కేంద్రకం ఉంటుంది. కణం కరిగినా కేంద్రకం రంగు పట్టి నిలిచి కనిపిస్తుంది. అందుచేత ఎన్ని ఉన్నాయో ముందుగా లెక్కించిపెట్టుకున్న కోడి కణాల ద్రావణాన్ని రోగి రక్తంతో సమపాళ్ళలో కలిపి మందపు పూత తీస్తే చాలు. ద్రావణంలో మైక్రోలీటరుకు 20,000 కోడి కణాలున్నాయనుకోండి. పూతలో వంద కోడి కణాలు లెక్కించేసరికి యాభై క్రిములు కనిపించాయంటే, రోగి మైక్రోలీటరు రక్తంలో క్రిములు అందులో సగం, అంటే 10,000. పూత ఎంత మందమో, ఎన్ని క్షేత్రాలు చూశామో, చుక్క పెద్దదో చిన్నదో ఏదీ అక్కరలేదు. తెలిసిన వస్తువును తెలియని వస్తువుతో కలిపి, రెంటి నిష్పత్తి చూడటమే. ఆ ఏడాదే క్రిస్టోఫర్స్ నేటి ఝార్ఖండ్‌లోని సింగ్‌భూమ్ ప్రాంతంలో వివిధ వయసుల పిల్లల రక్తంలో క్రిములను లెక్కించి, పసితనంలో విపరీతంగా ఉండే సంఖ్య వయసుతోపాటు ఎలా దిగివస్తుందో చూపించాడు. రోగనిరోధక శక్తి క్రమంగా వస్తుందనే మాటకు అంకెల ఆధారం దొరికింది.

కోడి కణాల పద్ధతిలోని ఆలోచన నిలిచింది, కోడి నిలువలేదు. ప్రతిసారీ తాజా కోడి రక్తం, దాని లెక్క, రెండు కొలతలు, కలపడం ఇన్ని ఎవరు చేస్తారు? అయితే ఎవరూ కలపకుండానే ప్రతి రోగి రక్తంలోనూ అదే పని చేయగల కణం ఒకటి ఉంది. కేంద్రకం కలిగి, మందపు పూతలో కరగకుండా నిలిచే తెల్ల రక్త కణమే అది. ఒక మైక్రోలీటరులో అవి ఎన్ని ఉన్నాయో తెలిస్తే, ఇన్ని తెల్ల కణాలకు ఇన్ని క్రిములు అన్న నిష్పత్తి నుంచి మైక్రోలీటరుకు ఎన్ని క్రిములో వస్తుంది. తెలియకపోతే 8,000 అని అనుకోమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సూత్రం ఇంతే:

మైక్రోలీటరుకు క్రిములు = (లెక్కించిన క్రిములు × 8,000) ÷ లెక్కించిన తెల్ల కణాలు

దీనిలోని అర్థం చూడండి. మైక్రోలీటరుకు 8,000 తెల్ల కణాలుంటే, రెండు వందల తెల్ల కణాలు కనిపించేసరికి మనం మైక్రోలీటరులో నలభయ్యో వంతు రక్తాన్ని వెదికినట్టు. అందుకే 200 తెల్ల కణాలకు వచ్చిన క్రిముల సంఖ్యను 40తో గుణిస్తే చాలునని పాతకాలపు టెక్నీషియన్లు నోటిలెక్క వేసేవారు. ఐదు వందలు లెక్కిస్తే చూసినది పదహారో వంతు, గుణించవలసినది 16తో. అంటే 500 తెల్ల కణాల వరకు వెదికి ఒక్క క్రిమి కనిపిస్తే మైక్రోలీటరుకు 16. ఈ మేరకు వెదికి ఇంతకంటే చిన్న సంఖ్యను ఎవరూ చెప్పలేరు.

ఇక ఒక రోగి పూతను మొదటినుంచి లెక్కిద్దాం. ఉదాహరణ కల్పితమే గాని అంకెలు మామూలుగా వచ్చేలాంటివే. మూడు రోజులుగా జ్వరంతో ఉన్న యువకుడు. ఫాల్సిపారమ్ అని తేలింది. పూత బాగా ఆరింది, రంగు బాగా పట్టింది, నూనె కటకం కింద క్షేత్రానికి పదిహేను వరకు తెల్ల కణాలున్నాయి. టెక్నీషియన్ రెండు లెక్కింపు మీటలు పెట్టుకుని ఒకదానితో తెల్ల కణాలను, రెండవదానితో క్రిములను నొక్కుతూ పోతాడు. పదమూడు క్షేత్రాలయ్యేసరికి తెల్ల కణాలు 196. పద్నాలుగో క్షేత్రం మధ్యలో 200 దాటుతుంది, అయినా అక్కడ ఆపకూడదు. ఆ క్షేత్రమంతా పూర్తిచేయాలి. సగంలో ఆపితే, కళ్ళు ముందుగా దట్టంగా ఉన్నచోటికే పోతాయి గనుక, లెక్క ఒకవైపు ఒరుగుతుంది. పూర్తిచేశాక తెల్ల కణాలు 208, క్రిములు 437.

క్రిములు వందకు మించాయి కనుక ఇక్కడితో చాలు. 437ను 8,000తో గుణించి 208తో భాగిస్తే 16,808. ఇక్కడ 200తో భాగించే తొందరపాటు తరచుగా కనిపిస్తుంది. అప్పుడు 17,480 వస్తుంది. తేడా చిన్నదే గాని, ఊరికే తెచ్చుకున్న తేడా. ఇదే పూతను రెండవ టెక్నీషియన్, మొదటివారి లెక్క చూడకుండా, చదివాడు: 203 తెల్ల కణాలకు 391 క్రిములు, అంటే 15,409. రెండు లెక్కల మధ్య తేడా పదో వంతు లోపే. అది తప్పు కాదు, రక్తంలో క్రిములు ఎక్కడికక్కడ సమానంగా పరుచుకుని ఉండవు కనుక వచ్చే సహజమైన తేడా. పరిశోధనల్లో తేడా నాలుగో వంతు దాటితే మూడవవారిని పిలుస్తారు. ఇక్కడ ఆ అవసరం లేదు. రెంటి సగటు 16,108. నివేదికలో 16,100 అని రాస్తే మర్యాదగా ఉంటుంది. చివరి అంకె దాకా రాయడం లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపడమే.

లెక్కించేటప్పుడు ఏది క్రిమి అన్న ప్రశ్న కూడా ఉంది. మందపు పూతలో రక్తఫలకికలూ రంగు మడ్డీ క్రిముల్లా భ్రమ కలిగిస్తాయి. ఎర్రని చుక్క, దాన్ని అంటిపెట్టుకుని నీలి పదార్థం, రెండూ కలిసి కనిపిస్తేనే క్రిమి. నెలవంక ఆకారంలో ఉండే గామెటోసైట్లను ఈ మొత్తంలో కలపకూడదు, వేరుగా రాయాలి. అవి దోమకు వ్యాధిని అంటించే రూపాలు. రోగికి జ్వరం తెచ్చేవి కావు. చాలా మందులకు లొంగకుండా వారాల తరబడి రక్తంలో తిరుగుతాయి. వాటిని కలిపి లెక్కిస్తే, కోలుకున్న రోగికి మందు పనిచేయలేదన్న తీర్పు పడుతుంది.

ఇప్పుడు అసలు సందేహానికి వద్దాం. మన యువకుడి రక్తంలో తెల్ల కణాలు నిజంగా 8,000 ఉన్నాయా? ఆరోగ్యవంతులైన పెద్దవారిలోనే అవి నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా ఉంటాయి. పైగా మలేరియా తీవ్రంగా ఉన్న రోజుల్లో వాటి సంఖ్య తరచుగా తగ్గుతుంది. ఆ రోజే యంత్రం మీద చేసిన రక్తపరీక్షలో ఆయనకు 4,600 వచ్చిందనుకుందాం. సూత్రంలో 8,000 తీసి 4,600 వేస్తే సగటు 9,262. పూత అదే, కళ్ళు అవే, లెక్క అదే, కానీ 16,108 కాస్తా 9,262 అయింది. ఇద్దరు టెక్నీషియన్ల మధ్య వచ్చిన తేడా దీని ముందు ఎంత? మరోవైపు, మలేరియాతోపాటు న్యుమోనియా కూడా ఉన్న పిల్లవాడిలో తెల్ల కణాలు 16,000 ఉంటే, ఊహించిన లెక్క అసలు సంఖ్యలో సగమే చూపుతుంది. ప్రమాదం ఉన్నవైపే తక్కువ చూపడం ఇందులోని గడ్డు విషయం. అదే రోజు తెల్ల కణాల సంఖ్య చేతిలో ఉండగా 8,000తో గుణించడం నాకు ఎన్నడూ సమంజసంగా తోచలేదు.

దీనికి ఒక సమాధానం చెబుతుంటారు. ‘మందు పనిచేస్తున్నదా అని చూడటానికి ముందు లెక్కకూ తరువాతి లెక్కకూ నిష్పత్తి చాలు కదా. రెండింటిలోనూ 8,000 ఉంది, పొరపాటు కొట్టివేతలో పోతుంది’ అని. ఈ మాటను మన రోగి మీదనే పరీక్షిద్దాం. మందు మొదలుపెట్టిన రోజును సున్నా రోజుగా తీసుకుంటారు. మూడవ రోజు పూతలో 204 తెల్ల కణాలకు 31 క్రిములే కనిపించాయి. వంద లోపు కనుక ఐదు వందల దాకా పోవాలి. పోతే 507 తెల్ల కణాలకు 79 క్రిములు. 8,000తో లెక్కిస్తే 1,247. సున్నా రోజు సంఖ్యలో ఇది సుమారు 8 శాతం. కానీ జ్వరం తగ్గడంతో ఆయన తెల్ల కణాలు ఈలోగా 7,200కు పెరిగాయి. నిజమైన సంఖ్యతో లెక్కిస్తే మూడవ రోజు 1,122. సున్నా రోజున ఉన్న 9,262లో ఇది 12 శాతం. కొట్టివేతలో పొరపాటు పోలేదు, ఎందుకంటే తెల్ల కణాలు రెండు రోజులూ ఒకే సంఖ్యలో లేవు.

మన రోగి విషయంలో 8 అయినా 12 అయినా ఫలితం మారదు. మూడవ రోజు క్రిములు మొదటి సంఖ్యలో 25 శాతం లేదా అంతకు మించి ఉంటే మందు తొలిదశలోనే విఫలమైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం చెబుతుంది. ఆయన దానికి దూరంగానే ఉన్నాడు. అయితే తెల్ల కణాలు ఇదే విధంగా మారిన మరొక రోగికి 8,000 లెక్కలో 18 శాతం వచ్చిందనుకోండి. అసలు లెక్కలో అది 28 అవుతుంది. ఒక లెక్కలో మందు గెలిచింది, మరొక లెక్కలో ఓడింది.

ఈ తీర్పుల మీద దేశాల మందుల విధానాలు ఆధారపడతాయి. 2009లో డోన్‌డార్ప్ బృందం పశ్చిమ కంబోడియాలోని పైలిన్‌లో ఆర్టెసునేట్ తీసుకున్న రోగుల రక్తం నుంచి క్రిములు పూర్తిగా పోవడానికి మధ్యగతంగా 84 గంటలు పడుతున్నదనీ, థాయ్‌లాండ్‌లోని వాంగ్ ఫాలో 48 గంటలే చాలుతున్నదనీ ప్రకటించింది. ఆర్టెమిసినిన్ మందులకు ఫాల్సిపారమ్ లొంగుబాటు తగ్గుతున్నదని ప్రపంచం నమ్మడానికి ఆధారం, పూతలను మళ్ళీ మళ్ళీ తీసి క్రిములను లెక్కించడమే. గంటలను పోల్చే అలాంటి పనిలో సంఖ్యలు క్రమంగా దిగే వాలు ముఖ్యం. ఆ వాలు చివర క్రిములు చాలా తక్కువ ఉన్నచోట లెక్క గట్టిగా నిలువదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఐదు వందల తెల్ల కణాలకు తొమ్మిది క్రిములు కనిపించిన పూతనే మరొకచోట చదివితే ఐదో, పద్నాలుగో రావడం వింత కాదు. నాలుగు వందలు లెక్కించినచోట ఆ ఊగిసలాట అంతగా ఉండదు.

పూత తీయడంలోనే జరిగే నష్టం మరొకటుంది. మందపు పూతను రంగు వేసే ముందు ఆల్కహాలుతో స్థిరపరచరు కనుక, ఎర్ర కణాలు కరిగేటప్పుడూ కడిగేటప్పుడూ క్రిములు కొన్ని కొట్టుకుపోతాయి. షూట్, డౌలింగ్‌తో కలిసి 1966లో పలుచని, మందపు పూతలను పోల్చి, ఈ నష్టం చాలా పెద్దదని చూపాడు. తెల్ల కణాలు పెద్దవి, అంటుకుని ఉంటాయి, క్రిములంతగా పోవు. కనుక నిష్పత్తి క్రిముల వైపు తగ్గి కనిపిస్తుంది. సరిగా ఆరని పూతను కుళాయి ధార కింద కడిగితే ఇది మరీ ఎక్కువ. పూత మధ్యలో తెల్లగా ఖాళీలు, అంచులు చిరిగినట్టు ఉండటం, క్షేత్రానికి క్షేత్రానికి తెల్ల కణాల సంఖ్య ఐదు, ముప్పై, ఎనిమిది అని ఎగిరిపడటం ఉంటే, ఆ పూత మీద లెక్క వేయకుండా మరో చుక్క తీసుకోవడం మేలు. క్రిములు మరీ దట్టంగా ఉండి తెల్ల కణాలు 200 కాకముందే ఐదు వందలు దాటితే ఆ క్షేత్రం పూర్తిచేసి ఆపుతారు. అంతకన్నా దట్టమైతే మందపు పూతను వదిలి పలుచని పూతలో ఎర్ర కణాల శాతం చూస్తారు. ఫాల్సిపారమ్ పదిశాతానికి మించి ఎర్ర కణాలను పట్టితే అది తీవ్ర మలేరియా లక్షణాలలో ఒకటి.

వేలి చుక్క చెప్పేది తిరుగాడే రక్తం సంగతే. ఫాల్సిపారమ్ క్రిమి ఎర్ర కణంలో సగం వయసు దాటాక ఆ కణాన్ని లోపలి అవయవాల సన్నని రక్తనాళాల గోడలకు అతికించుకుంటుంది. మెదడులో అలా అతికినవి ఎన్నో వేలి చుక్కకు తెలియదు. అతికినవి పగిలి, కొత్త క్రిములు ఒక్కసారిగా రక్తంలోకి వస్తే, మందు మొదలైన తొలి పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో లెక్క తగ్గకపోగా పెరగవచ్చు కూడా. ఆ పెరుగుదలను చూసి మందు మార్చమని ఒత్తిడి చేసే బంధువులు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు. రెండవ రోజు సంఖ్య సున్నా రోజు కంటే ఎక్కువ ఉంటే అది వేరు సంగతి. అప్పుడు వైద్యుడే వెంటనే ఆలోచించాలి.